ఉజ్జాయిలో గొంతు బిగింపు, రేచకం పొడవు: రెండింటికీ ఉన్న అసలు సంబంధం

ప్రశ్న: ఉజ్జాయి ప్రాణాయామం కొన్ని నెలలుగా చేస్తున్నాను. గొంతులో శబ్దం బాగానే వస్తోంది. కానీ ఊపిరి వదలడం ఐదు సెకన్లు దాటడం లేదు, ఎనిమిది దాకా లాగితే తర్వాతి శ్వాస ఆత్రంగా పీల్చుకోవలసి వస్తోంది. గొంతు ఇంకా బిగించాలా?

సమాధానం:

బిగించవద్దు. ఉజ్జాయిలో గొంతును కాస్త బిగించి చేసే సన్నని సందు రేచకాన్ని, అంటే ఊపిరి వదలడాన్ని, కొంతవరకే పొడిగిస్తుంది. ఆ తర్వాతి పొడవంతా డయాఫ్రమూ, పక్కటెముకల మధ్య కండరాలూ నెమ్మదిగా వదులు కావడం వల్ల వస్తుంది. మీకు ఐదు సెకన్ల దగ్గర గాలి అయిపోతోందంటే, ఛాతీని ఒక్కసారిగా వదిలేసి గాలిని ఆపే పనంతా గొంతు మీద పెడుతున్నారని నా అనుమానం. యోగచికిత్స నేర్పే పనిలో ఈ ఇబ్బందితో వచ్చినవారిని చాలామందిని చూశాను. దాదాపు అందరూ మొదట ఇదే ప్రశ్న అడుగుతారు, గొంతు మరింత బిగించి మరింత ఇబ్బంది పడతారు. కారణం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే సరిదిద్దుకోవడం తేలిక.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. వాటి మధ్య ఖాళీయే కంఠద్వారం. మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు అది వెడల్పవుతుంది, వదిలేటప్పుడు కొద్దిగా సన్నబడుతుంది. అంటే రేచకంలో గొంతు కాస్త అడ్డుపడటం యోగం కనిపెట్టినది కాదు, శరీరంలో ముందే ఉన్న ఏర్పాటు. అప్పుడే పుట్టిన పసిపాపలు, ముఖ్యంగా ఊపిరితిత్తులు ఇంకా బలపడనివారు, మూలుగుతున్నట్లుగా ఊపిరి వదులుతారు. ఊపిరితిత్తుల్లోని గాలి మొత్తం ఖాళీ అయిపోకుండా కంఠద్వారాన్ని సన్నబరచి వారి శరీరం చేసుకునే ప్రయత్నమది. ఉజ్జాయిలో మనం చేసేది ఆ సహజమైన అడ్డును తెలిసి, కొంచెం ఎక్కువగా, పూరకంలో, అంటే ఊపిరి పీల్చేటప్పుడు, కూడా నిలుపుకోవడం.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలన్నీ ఉజ్జాయింపుగా తీసుకున్నవే కానీ, విషయం తేటపడటానికి సరిపోతాయి. నెమ్మదిగా పీల్చిన ఒక శ్వాసలో 800 మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళ్లిందనుకోండి. సాగిన ఊపిరితిత్తులూ ఛాతీ గోడా తిరిగి మామూలు స్థితికి రావాలని లోపలికి లాగుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఆ లాగుడు ఈ పరిమాణం దగ్గర సుమారు 8 సెంటీమీటర్ల నీటి పీడనానికి సమానంగా ఉంటుంది. కంఠద్వారం పూర్తిగా తెరిచి, కండరాలన్నీ ఒక్కసారిగా వదిలేస్తే, ఆ గాలి ఒకటి రెండు సెకన్లలోనే బయటికి పోతుంది. మనం నిట్టూర్చినప్పుడు జరిగేది అదే.

విశ్రాంతిగా ఉన్నప్పుడు కంఠద్వారం వైశాల్యం 100 చదరపు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుందనుకుందాం. ఉజ్జాయిలో దాన్ని పదో వంతుకు, అంటే 10 చదరపు మిల్లీమీటర్లకు, తగ్గించామనుకుందాం. సెకనుకు 100 మిల్లీలీటర్ల చొప్పున గాలి వదిలితే, తెరిచిన ద్వారంలో అది సెకనుకు 1 మీటరు వేగంతో సాగుతుంది. సన్నని సందులో 10 మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగానికి గాలి ప్రవాహం సుడులు తిరుగుతుంది, ఆ సుడులే మనకు వినబడే శబ్దం. స్వరతంత్రులు కంపించడం లేదు, కేవలం గాలి రాపిడే. గుసగుసగా మాట్లాడినప్పుడు వచ్చేదీ ఇటువంటి శబ్దమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఇటువంటి సందులో గాలిని నెట్టడానికి కావలసిన పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 100 మిల్లీలీటర్లకు ఒక సెంటీమీటరు నీటి పీడనం కూడా అవసరం లేదు, సుమారు 0.6 సరిపోతుంది. 200 మిల్లీలీటర్లకు అది నాలుగు రెట్లై 2.4 అవుతుంది. ఇప్పుడు పైన చెప్పిన 8 సెంటీమీటర్లతో పోల్చి చూడండి. ఛాతీని పూర్తిగా వదిలేస్తే, ఆ 8 సెంటీమీటర్ల పీడనమంతా ఈ సందు మీదనే పడుతుంది. గాలి సెకనుకు 350 మిల్లీలీటర్లకు పైగా దూసుకుపోతుంది. లోపలి గాలి తగ్గేకొద్దీ లాగుడు తగ్గి ప్రవాహం నెమ్మదిస్తుంది. మొత్తం 800 మిల్లీలీటర్లు ఖాళీ కావడానికి నాలుగు నుంచి ఐదు సెకన్లు పడుతుంది. ముక్కు కలిగించే అడ్డును కూడా కలిపితే ఇంకొంచెం.

మీ ఐదు సెకన్లు ఇక్కడి నుంచే వచ్చి ఉండాలి. గొంతు ఒక్కటే పని చేస్తే వచ్చే పొడవు అంత. దాన్ని పది సెకన్లు చేయాలంటే సందును మరో సగానికి తగ్గించాలి. అప్పుడు గొంతు నొక్కుకుపోతుంది, మెడ నరాలు బిగుస్తాయి, శబ్దం గరగరలాడుతుంది. రేచకం పొడవు పెరిగినా ఆ శ్వాసలో సుఖం ఉండదు.

రెండో మార్గం సందును అలాగే ఉంచి, దాని మీద పడే పీడనాన్ని తగ్గించడం. పీల్చుకోవడానికి పని చేసిన డయాఫ్రమునూ, పక్కటెముకలను పైకి, పక్కలకూ లాగిన కండరాలనూ ఒక్కసారిగా వదలకుండా క్రమంగా వదలాలి. ఆ 8 సెంటీమీటర్ల లాగుడులో ఎక్కువ భాగాన్ని అవి మోస్తాయి, గొంతు దగ్గరికి ఒకటి లోపు మాత్రమే చేరుతుంది. గాలి సెకనుకు 100 మిల్లీలీటర్ల చొప్పున, ఎనిమిది సెకన్ల పాటు, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా వెళ్తుంది. కర్ణాటక సంగీతం సాధన చేసినవారికి ఇది త్వరగా పట్టుబడటం నేను గమనించాను, ఎందుకంటే ఒక పొడవైన సంగతిని ఒకే ఊపిరిలో పాడటానికి వారు పక్కటెముకలను ఇలాగే నిలుపుకుంటారు.

అలాగైతే గొంతు సన్నబరచడం దేనికని మీకు అనిపించవచ్చు. శబ్దం చెయ్యకుండానే రేచకాన్ని ఎనిమిది సెకన్లు పొడిగించగలవారు ఉన్నారు. అయినా ఉజ్జాయి ఉపయోగం రెండు విధాలుగా ఉంది. ఒకటి, గొంతు కొంత అడ్డు పెట్టడం వల్ల కండరాలు మొత్తం బరువును మోయనక్కరలేదు, చిన్న తొట్రుపాటు జరిగినా గాలి భళ్లున పోదు. రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది: శబ్దం మీకు ప్రవాహాన్ని వినిపిస్తుంది. వేగం కొంచెం పెరిగినా శబ్దం బాగా పెరుగుతుంది, కొంచెం తగ్గినా పలచబడుతుంది. అందువల్ల మొదట హోరుగా మొదలై చివర అణగిపోయే శబ్దం ఛాతీ కూలిపోతోందని చెబుతుంది. మొదటి నుంచి చివరి వరకు ఒకే ఎత్తులో ఉండే శబ్దం కండరాలు తమ పని చేస్తున్నాయని చెబుతుంది. గడియారం చూడటం కన్నా చెవితో ఈ తేడా పట్టుకోవడం మేలు. ఒక్క జాగ్రత్త: శబ్దం సమంగా ఉండటానికి మధ్యలో గొంతును మరింత బిగించి మోసం చేసుకోవచ్చు. అందుకే సందు పరిమాణం మార్చకుండా వినాలి.

మీ ప్రశ్నలోని రెండో భాగం, అంటే ఎనిమిది దాకా లాగిన తర్వాత వచ్చే ఆత్రం, దీనికి అనుబంధమైనదే కానీ కారణం వేరు. ఐదు సెకన్లకు గాలి సహజస్థాయికి చేరిపోయింది. ఆ స్థాయి దగ్గర ఊపిరితిత్తులు లోపలికి లాగడం, ఛాతీ గోడ బయటికి లాగడం సరిసమానంగా ఉంటాయి, కాబట్టి ఇక ఏ కండరమూ పని చేయనక్కరలేదు. ఆపైన మూడు సెకన్లు మీరు పొట్ట కండరాలతో నొక్కి ఇంకో లీటరు దాకా ఉండే నిల్వగాలిలోంచి కొంత బయటికి తోస్తున్నారు. నొక్కు వదిలిన మరుక్షణం ఛాతీ తనంతట తానే తిరిగి విచ్చుకుంటుంది, గాలి గబుక్కున లోపలికి వస్తుంది. అదే ఆత్రంగా అనిపిస్తుంది.

దీనికి తోడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు లెక్క కూడా ఉంది. విశ్రాంతిలో ఒక మనిషి నిమిషానికి 15 సార్లు, ఒక్కోసారికి 500 మిల్లీలీటర్ల చొప్పున పీలుస్తాడనుకోండి. ప్రతి శ్వాసలోనూ సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతాయి, గాలిగదులకు చేరవు. మిగిలిన 350ని 15తో గుణిస్తే నిమిషానికి 5250 మిల్లీలీటర్లు. ఇప్పుడు నిమిషానికి 6 శ్వాసలకు తగ్గించి, ఒక్కో శ్వాసను అదే 500 దగ్గర ఉంచితే గాలిగదులకు చేరేది 2100 మాత్రమే. రక్తంలో ఆ వాయువు పేరుకుని కొద్దిసేపట్లోనే ఊపిరాడనట్లు అవుతుంది. ఒక్కో శ్వాసను ఒక లీటరు చేస్తే 850ని ఆరుతో గుణించి 5100, అంటే మొదటి లెక్కకు దాదాపు సమానం. ఇంకా లోతుగా లీటరున్నర పీలిస్తే 8100 దాకా వెళ్తుంది. అప్పుడు ఆ వాయువు మరీ తగ్గిపోయి తల తేలిపోతుంది, వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి. కాబట్టి రేచకాన్ని పొడిగించేవారు పూరకాన్ని కూడా దానికి తగినంత, అంతకు మించకుండా, నింపుకోవాలి. నాలుగు సెకన్ల పూరకంలో పైపైన పీల్చి, ఎనిమిది సెకన్ల రేచకం తియ్యాలనుకుంటే శరీరం ఒప్పుకోదు.

ఇటీవల నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని సంగతి చెబితే ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆమె ఒక వీడియో చూసి ఉజ్జాయి నేర్చుకున్నారు. శబ్దం పక్క గదిలోకి వినిపించేంత గట్టిగా చేసేవారు. రేచకం నాలుగైదు సెకన్లు, ఆ తర్వాత ఒక చిన్న ఎగపోత, సాధన ముగిసేసరికి గొంతు బొంగురు. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఒక చెయ్యి కింది పక్కటెముకల మీద, రెండోది బొడ్డు మీద పెట్టమన్నాను. రేచకం మొదలైన క్షణంలోనే పక్కటెముకల మీది చెయ్యి దిగిపోతోంది. మొదట ఉజ్జాయి పూర్తిగా మానిపించాను. శబ్దం లేకుండా, ముక్కుతోనే, రేచకంలో మొదటి మూడు సెకన్లు పక్కటెముకల మీది చెయ్యి దాదాపు కదలకుండా చూసుకొమ్మన్నాను. పొట్ట మాత్రం మెల్లగా దిగాలి, ఆ తర్వాత పక్కటెముకలు దిగాలి. ఇది కుదిరాక శబ్దాన్ని తిరిగి చేర్చాం, ఈసారి ఆమెకు తప్ప పక్కవారికి వినబడనంత సన్నగా. నాలుగు సెకన్ల పూరకం, ఆరు సెకన్ల రేచకం ఎగపోత లేకుండా వచ్చాయి. ఎనిమిదికి వెళ్లడానికి మాత్రం పూరకం కొంచెం నిండుగా తీసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. గొంతు బొంగురు ఆ తర్వాత రాలేదు.

మీరు కూడా ఇదే వరుసలో వెళ్లమని నా సలహా. శబ్దం సరైన చోట నుంచి వస్తోందో లేదో ముందుగా నిర్ధారించుకోండి. నోరు తెరిచి, కళ్లద్దాలు తుడిచే ముందు వాటి మీద ఆవిరి ఊదినట్లు స్వరం లేకుండా "హా" అని వదలండి. సగంలో, గొంతులో ఏమీ మార్చకుండా, పెదవులు మూసేయండి. ముక్కులోంచి గాలి పోతున్నా శబ్దం గొంతులోనే కొనసాగితే అది ఉజ్జాయి. ఆడమ్స్ ఆపిల్ మీద వేళ్లు ఆనించి చూడండి, అక్కడ కంపనం తెలిస్తే స్వరతంత్రులు మోగుతున్నాయని, అంటే మూలుగుతున్నారని అర్థం. శబ్దం ముక్కు రంధ్రాల దగ్గర చీదినట్లు వస్తుంటే గొంతు పని చేయడం లేదు. పూరకంలో గురకలాంటి శబ్దం వస్తే అంగిలి వెనుక మెత్తని భాగం అదురుతోంది. మెడకు రెండు పక్కలా కండరాలు ఉబ్బి కనబడితే, లేదా మింగడానికి సిద్ధమైనట్లు నాలుక వెనక్కి బిగిస్తే, స్వరతంత్రుల పైనున్న భాగాలను కూడా నొక్కుతున్నారు. ఈ తప్పులన్నిటిలోనూ పరిష్కారం ఒకటే, శబ్దాన్ని సగానికి తగ్గించడం.

మొదట రేచకంలో మాత్రమే ఉజ్జాయి చేయండి, పూరకం మామూలుగా ఉండనివ్వండి. పూరకంలో సందు సన్నబడితే దాని కింద పీడనం తగ్గి స్వరతంత్రులు దగ్గరికి లాగబడే స్వభావం ఉంటుంది, పైగా పీల్చే కండరాల శ్రమ పెరుగుతుంది. రేచకంలో ఈ ఇబ్బంది లేదు, లోపలి పీడనం ద్వారాన్ని తెరిచి ఉంచడానికే తోడ్పడుతుంది. రేచకం స్థిరపడ్డాక పూరకానికి చేర్చుకోవచ్చు. పూరకం నాలుగు, రేచకం నాలుగు సెకన్లతో మొదలుపెట్టి రేచకానికి ఒక్కో సెకను చేర్చండి. తర్వాతి పూరకం దానంతట అది నెమ్మదిగా మొదలైనంత వరకే ఆ సంఖ్య మీది. ఎగపోత వచ్చిందంటే ఒక సెకను వెనక్కి రావాలి. నాలుగు, ఆరు కలిపి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. నా అనుభవంలో ఎక్కువమందికి ఆ లయ చాలు. రేచకంలో గుండె వేగం తగ్గడం, పూరకంలో పెరగడం సహజంగా ఉన్నదే, నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఆ ఊగిసలాట బాగా పెరుగుతుంది. అయితే ఇది ప్రధానంగా నెమ్మదించడం వల్ల వచ్చే ఫలితం. యోగం కొత్తగా నేర్చుకునేవారి మీద 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సమానమైన పూరక రేచకాలతో నెమ్మదిగా ఊపిరి తీసుకున్నప్పుడు వచ్చిన మేలుకు ఉజ్జాయి అదనంగా చేర్చినదేమీ కనబడలేదు, శ్రమ పెరగడమే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. గొంతు బిగించడమే ఫలితమనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

మన పాత గ్రంథంలోని పద్ధతి కూడా ఇక్కడ ప్రస్తావించదగినదే. హఠయోగ ప్రదీపిక రెండో ఉపదేశంలో ఉజ్జాయి వర్ణన ఉంది. నోరు మూసి, రెండు నాసికా మార్గాల ద్వారా, కంఠం నుంచి హృదయం దాకా శబ్దంతో తగిలేట్లు వాయువును మెల్లగా లోపలికి లాగాలని, కుంభకం, అంటే ఊపిరి బిగపట్టడం, తర్వాత ఇడ ద్వారా, అంటే ఎడమ ముక్కు ద్వారా, వదలాలని అక్కడ చెప్పారు. శబ్దం పూరకానికి చెప్పబడింది. రేచకంలో అడ్డు ఒక ముక్కు మూయడం వల్ల వస్తుంది. ఈ రోజు ఆసనాలతో పాటు నేర్పే ఉజ్జాయిలో రెండు ముక్కులూ తెరిచి ఉంటాయి, ఆ అడ్డు గొంతుకు మారింది. గొంతు త్వరగా అలసిపోయేవారికి నేను కొంతకాలం ఆ పాత పద్ధతిలోనే, కుంభకం లేకుండా, ఎడమ ముక్కుతో రేచకం చేయిస్తాను. ముక్కు సందు మన ఇష్టప్రకారం బిగుసుకోదు కనుక గొంతును నొక్కే అలవాటు అప్పుడు తగ్గుతుంది.

జాగ్రత్తల విషయానికి వస్తే, ఆస్తమా ఉన్నవారికి రేచకంలో సన్నని అడ్డు కొంత ఉపశమనం ఇవ్వవచ్చు. దీర్ఘకాలిక శ్వాసవ్యాధి ఉన్నవారికి ఆసుపత్రుల్లో పెదవులు గుండ్రంగా చుట్టి ఊదడం నేర్పేది కూడా చిన్న శ్వాసనాళాలు ముందుగా మూసుకుపోకుండా ఉండటానికే. కానీ ఆయాసం వచ్చి ఉన్న సమయంలో ఉజ్జాయి చేయకూడదు, ఇన్‌హేలర్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. పీల్చేటప్పుడు గొంతు దగ్గర పట్టేసినట్లయ్యే, ఈల శబ్దం వచ్చే సమస్య ఉన్నవారు పూరకంలో ఉజ్జాయి పూర్తిగా మానాలి, ఎందుకంటే వారి స్వరతంత్రులు తప్పు సమయంలో దగ్గరికి రావడమే ఆ జబ్బు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, గ్లకోమా ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగపట్టడం, రేచకం చివర పొట్ట నొక్కి లాగడం చేయకూడదు. రోజంతా గొంతుతో పని చేసే ఉపాధ్యాయులు, గాయకులు పని ముగిసిన వెంటనే కాకుండా, గొంతుకు విశ్రాంతి దొరికిన తర్వాత సాధన చేయడం మంచిది. సాధన ఆపినా రెండు మూడు వారాలకు పైగా గొంతు బొంగురు పోకుండా ఉంటే ఉజ్జాయిని పక్కన పెట్టి, చెవి ముక్కు గొంతు వైద్యుని చేత స్వరతంత్రులను పరీక్ష చేయించుకోండి.